ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో దాచే పాత్రకు పాట ఎలా రాయాలి?

ప్రశ్న: "మా లఘుచిత్రంలో కథానాయకుడికి ఉద్యోగం పోతుంది. ఇంట్లో చెప్పకుండా రోజూ ఆఫీసుకని బయలుదేరతాడు. ఆ సందర్భానికి పాట రాస్తుంటే అంతా ఏడుపుగా వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఇదే సందర్భానికి నేనొక చిన్న చిత్రంలో పాట రాశాను. దర్శకుడు సందర్భం చెబుతున్నప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, ఈ పాట ఎవరి చెవిన పడుతుంది అని. భార్యకు తెలియదు, ప్రేక్షకుడికి తెలుసు. ఆ తేడా మీదే పాట నిలబడాలి కనుక సాహిత్యంలో ఉద్యోగం, అబద్ధం, మోసం అన్న మాటలు ఒక్కసారి కూడా రాకూడదని నిర్ణయించుకున్నాను. దాచిన విషయాన్ని పాటలోనే చెప్పేస్తే, తరువాత భార్యకు నిజం తెలిసే సన్నివేశానికి మాటల రచయిత దగ్గర ఏమీ మిగలదు.

ఏడుపుగా వస్తోందని మీరన్నదానికి కారణం, బహుశా మీరు అతని బాధను రాస్తున్నారు. అతడు ఆ రోజు ఏం చేస్తున్నాడో రాయండి. చీకటి, సుడిగుండం, కన్నీటి సంద్రం వంటి మాటలు వచ్చిన ప్రతిచోటా ఆ పంక్తిని తీసి ఒక విఫల ప్రేమ పాటలో పెట్టి చూడండి. అక్కడా చక్కగా ఇమిడిపోతే అది మీ పాత్ర పంక్తి కాదు. ఇస్త్రీ చొక్కా, మెడలో వేసుకోవడానికి లేని గుర్తింపు కార్డు, ఒకటో తారీఖు, మధ్యాహ్నం దాకా ఆగని క్యారేజి, ఇవి మాత్రం మరో పాటకు వెళ్ళవు.

మా స్వరకర్త ఇచ్చిన బాణీ మిశ్రగతిలో ఉండేది, అంటే తకిట తకధిమి, మూడూ నాలుగూ కలిసి ఏడు మాత్రలు. గురజాడ ముత్యాలసరాల నడక తెలిసిన తెలుగువారికి ఇది కొత్త కాదు. ఈ సందర్భానికి ఆ నడక ఎంతో నప్పింది, ఎందుకంటే అందులో ఒక పొట్టి అడుగూ ఒక పొడుగు అడుగూ పడతాయి. వెళ్ళాల్సిన చోటు లేక నడుస్తున్న మనిషి అలాగే నడుస్తాడు. పల్లవి ఇలా వచ్చింది:

ఇస్త్రి చొక్కా తొడిగినానే
ఇంటి గడపే దాటినానే
వీధి చివరే ఆగినానే
దారి మాత్రం ఆగదే

మొదటి మూడు పంక్తులకూ పద్నాలుగేసి మాత్రలు, చివరిదానికి పన్నెండే. మిగిలిన రెండు మాత్రల ఖాళీలో గాయకుడు "దే" అన్న దీర్ఘాన్ని సాగదీస్తాడు. సాగదీసే చోట ద్విత్వమో సంయుక్తాక్షరమో పెడితే స్వరం నిలవదు కాబట్టి పంక్తి చివరలను ముందే దీర్ఘాలతో కట్టుకోవడం మంచిది.

మొదటి చరణానికి దర్శకుడు చూపబోయేది హైదరాబాదులోని సంజీవయ్య పార్కులో ఒక బెంచీ. నాకు పనికొచ్చిన వివరం అన్నం వేడి. ఆఫీసులో ఉన్నవాడు ఒంటి గంటకు క్యారేజి విప్పేసరికి అన్నం చల్లారి ఉంటుంది. ఇతనికి గంటలు గడవవు కనుక పదింటికే విప్పుతాడు.

గిన్నె నిండా నువ్వు సర్దిన
అన్నమింకా ఆరలేదే
ఒక్క మాటే పైకి రాకే
ముద్ద లోనికి జారదే

భార్య ఈ చరణం వింటే, పనిలో ఏదో చికాకు వల్ల భర్త అన్నం తినలేదని అనుకుంటుంది. ప్రేక్షకుడు మాత్రం అన్నం ఎందుకు ఆరలేదో లెక్కగట్టుకుంటాడు. ప్రతి చరణంలోనూ ఇలా ఇద్దరికి రెండు రకాలుగా వినిపించే పంక్తి ఒక్కటైనా ఉండాలని నా అభిప్రాయం; అన్ని పంక్తులూ అలాగే ఉంటే మాత్రం అది పొడుపుకథ అవుతుంది.

రెండో చరణం రాత్రి ఇంట్లో నడుస్తుంది. ఇక్కడ బాధ పెంచాలని చాలామంది గొంతు పెంచుతారు. నేను పిల్లవాడిని తెచ్చాను, ఎందుకంటే దాచడం కష్టమయ్యేది అడిగేవారు ఎదురుగా ఉన్నప్పుడే.

కొత్త సైకిల్ ఎప్పుడంటే
ఒకటి తేదిన అన్న నోరే
ఒకటి వస్తే ఏమనాలో
వేళ్ళు లెక్కలు ఆపవే

పాత్ర పెదవి కదిపి పాడాలా, నేపథ్యంలో వినిపించాలా అన్నది కూడా దర్శకుడితో ముందే తేల్చుకోండి. పెదవి కదిపితే ఇంట్లోని చరణం దెబ్బతింటుంది. పక్కన భార్య ఉండగా అతడు ఈ మాటలు పైకి పాడితే దాచడమే అబద్ధమైపోతుంది. మేము పల్లవినీ మొదటి చరణాన్నీ అతని పెదవులకు ఇచ్చి, ఇంట్లోకి అడుగుపెట్టిన దగ్గరనుంచి పాటను నేపథ్యానికి మార్చాము.