కొత్త వాచ్ రోజూ ‘పల్స్ ఎక్కువ’ అంటోంది.. ఎన్నాళ్లకు నమ్మాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. బల్లార్షలో ఉంటాం, ఓపెన్‌కాస్ట్ బాయిలో డంపర్ నడుపుతాను. వారానికో షిఫ్ట్ మారుతుంది. మా షిఫ్ట్‌లో ఒకాయనకు గుండెపోటు వచ్చాక భయమేసి మే మొదట్లో స్మార్ట్‌వాచ్ కొన్నాను. మొదటి వారం సెలవు మీద మంచిర్యాల దగ్గర మా ఊళ్లో ఉన్నా. నిద్రలో పల్స్ 59 నుంచి 62 మధ్య చూపించింది. డ్యూటీకి వచ్చాక నైట్ షిఫ్ట్ పడింది. అప్పటి నుంచి 68, 70, 71 అంటూ ‘మీ సాధారణ స్థాయి కన్నా ఎక్కువ’ అని రోజూ హెచ్చరిక. నొప్పి, ఆయాసం లేవు. బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటాను. ఇంట్లో అందరికీ టెన్షన్. వాచ్‌కి మన పల్స్ అలవాటు కావడానికి ఎన్ని రోజులు పడుతుంది?

జవాబు: రోజూ ఒకే వేళకు పడుకుని లేచే మనిషికైతే రెండు నుంచి నాలుగు వారాలు చాలు. మీకు మాత్రం ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఆ ఒక్క రకం హెచ్చరికను పక్కన పెట్టండి. ‘ఆ ఒక్క రకం’ అని ఎందుకన్నానో తర్వాత చెబుతాను.

ముందు వాచ్ లోపల జరిగే లెక్క చూద్దాం. కంపెనీలు తమ సూత్రాన్ని పూర్తిగా బయట పెట్టవు కానీ, పద్ధతి దాదాపు ఒకటే. గత కొన్ని రాత్రుల అంకెలు తీసుకుని సగటు కడతాయి. ఆ అంకెలు సగటు నుంచి ఎంత అటూ ఇటూ పోతున్నాయో చూసి, సగటుకి పైనా కిందా ఒక గీత గీస్తాయి. గీత దాటితే హెచ్చరిక. మీ ఏడు రాత్రులూ 60, 61, 59, 60, 61, 60, 62 అనుకుందాం. సగటు 60 పైచిలుకు. తేడా రోజుకు ఒకటి, మహా అయితే రెండు. ఈ లెక్కన పై గీత 62 దగ్గర పడుతుంది. అంటే మీకు 64 వచ్చినా అది వాచ్ దృష్టిలో వింతే. మరి 70 వస్తే ఊరుకుంటుందా?

తప్పు ఆ 70ది కాదు, ఆ ఏడు రాత్రులది. సెలవు, సొంత ఊరు, రాత్రి పూట నిద్ర, డ్యూటీ గోల లేదు. వాచ్ నేర్చుకున్నది సెలవులో ఉన్న మిమ్మల్ని. డంపర్ ఎక్కే మనిషిని అది ఇంకా చూడనే లేదు.

నైట్ షిఫ్ట్ దిగి పొద్దున ఎనిమిదింటికో తొమ్మిదింటికో పడుకుంటే గుండె రాత్రి నిద్రలో దిగినంత కిందికి దిగదు. ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. దాని లెక్కలో అది పగలు, గుండె వేగం పెరగాల్సిన వేళ. దానికి మే నెల చంద్రపూర్ ఎండ తోడు. బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు రేకుల ఇంట్లో కూలర్ పెట్టుకుని పడుకున్నా, చల్లబడడానికి ఒళ్లు చర్మం వైపు రక్తాన్ని ఎక్కువ పంపాలి. చెమటతో నీరు పోతుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె కొంచెం వేగం పెంచుతుంది. మధ్యలో పిల్లల అరుపులు, కరెంటు పోవడం ఉండనే ఉన్నాయి. ఈ పరిస్థితిలో పది దాకా పెరగడం నాకేమీ వింతగా లేదు.

ఒక చిన్న విషయం సరిచూసుకోండి. యాప్‌లో నిద్ర వేళలు రాత్రి పది నుంచి ఆరు దాకా అని పెట్టి ఉందేమో చూడండి. కొన్ని వాచ్‌లు ఆ వేళల్లో తీసిన అంకెలనే నిద్ర పల్స్‌గా లెక్కేస్తాయి. అలా ఉంటే నైట్ షిఫ్ట్ వారమంతా మీరు స్టీరింగ్ పట్టుకున్నప్పటి పల్స్‌ని నిద్ర కింద రాసుకుంటుంది. పైగా డంపర్ కుదుపులకు చర్మానికీ వాచ్‌కీ మధ్య సందు పడుతుంది. వాచ్ వెనక ఆకుపచ్చ లైటు చర్మంలో రక్తం పెరిగి తగ్గడాన్ని చూసి పల్స్ లెక్కిస్తుంది కాబట్టి, సందు పడితే తప్పు అంకెలు వస్తాయి. పడుకునేటప్పుడు బెల్టును మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, జరగకుండా కట్టుకోండి. నొక్కుకుపోయేంత బిగువు అక్కర్లేదు.

ఇక ఆరు వారాల సంగతి. వాచ్ కంపెనీలు తమ గడువు తామే చెబుతాయి. యాపిల్ వాచ్‌లో వైటల్స్ అనే యాప్ ఏడు రాత్రుల తర్వాత మీ పరిధి చూపిస్తుంది. గార్మిన్ వాచ్‌లు గుండె ఒక్కో కొట్టుకుకీ మధ్య వ్యవధి ఎంత మారుతోందో, ఆ స్థితి చెప్పడానికి మూడు వారాలు తీసుకుంటాయి. ఇవి అంకె చూపించడానికి పట్టే గడువులు. ఆ అంకెకు అర్థం రావాలంటే మీ జీవితంలో మామూలుగా వచ్చి పోయే మార్పులన్నీ ఒక చుట్టు వాచ్ కంట పడాలి. నెలసరి వచ్చే ఆడవాళ్లకు ఆ చుట్టు ఒక నెల, ఎందుకంటే అండం విడుదలయ్యాక నెలసరి దాకా పల్స్ రెండు మూడు పెరిగి ఉంటుంది. మీకు ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ కలిపి మూడు వారాలు ఒక చుట్టు. ఒక్క నైట్ షిఫ్ట్ వారం చూస్తే 70 అనేది ఆ షిఫ్ట్ వల్లో మరో కారణం వల్లో తేలదు. రెండో చుట్టులో నైట్ షిఫ్ట్ వచ్చినప్పుడు మళ్లీ 69, 70 కనిపించి, మధ్య వారాల్లో 62, 63కి దిగితే అది మీ గుండె నైట్ షిఫ్ట్ నడక అని తెలుస్తుంది. అందుకే రెండు చుట్లు, ఆరు వారాలు. డ్యూటీకి వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టండి. సెలవు వారాన్ని మర్చిపోండి.

ఆరు వారాలయ్యాక కూడా ఒక్క రాత్రి హెచ్చరికకు కంగారు పడొద్దు. ఈ గీతలు సాధారణంగా ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా ఇరవై రాత్రుల్లో ఒకసారి అటో ఇటో దాటేలా ఉంటాయి. రాత్రి పదకొండుకు బిర్యానీ తిన్నా, రెండు పెగ్గులు వేసుకున్నా దాటిపోతుంది. నేను పేషెంట్లకు చెప్పే లెక్క ఇది: అదే షిఫ్ట్‌లోని పాత వారంతో పోల్చితే వరసగా మూడు రోజులు 8 లేదా 10 ఎక్కువ ఉండి, ఎండ, మద్యం, నిద్ర చెడడం లాంటి కారణమేదీ కనిపించకపోతే అప్పుడు నాకు చూపించండి. చాలాసార్లు మర్నాడు జ్వరం బయటపడుతుంది. ఒంటి వేడి ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే పల్స్ సుమారు 10 పెరుగుతుంది మరి. అయితే టైఫాయిడ్‌లో, కొన్నిసార్లు డెంగీలో జ్వరం ఎంత ఉన్నా పల్స్ అంతగా ఎక్కదు. వాచ్ మౌనంగా ఉంది కదా అని థర్మామీటర్ పక్కన పెట్టకండి.

ఈ మౌనం గురించే మీకు అసలు చెప్పాలనుకున్నది. సిరొంచ వైపు నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. మెట్లెక్కితే అలసట అన్నారు. చేతికి వాచ్ ఉంది, ఆరు నెలల నుంచి పెట్టుకుంటున్నారట. ‘వాచ్ ఒక్కసారి కూడా ఏమీ అనలేదు, గుండె బాగానే ఉంది సార్’ అన్నారు. ఫోన్ తీసి చూస్తే నిద్రలో పల్స్ 88, 90, 89. వరసగా, నెలలకు నెలలు. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంది. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7. ఆమె వాచ్ కొన్న నాటికే రక్తహీనత ఉంది. వాచ్ ఆ రోగాన్నే ఆమె సాధారణ స్థాయిగా నేర్చుకుంది, ఇక హెచ్చరిక ఎందుకిస్తుంది? ఐరన్ మొదలుపెట్టాక మూడు నెలలకు పల్స్ 74కి దిగింది. తమాషా ఏమిటంటే, ఆ దిగేటప్పుడు వాచ్ ‘మీ సాధారణ స్థాయి కన్నా తక్కువ’ అని ఆమెను బెదరగొట్టింది.

వాచ్‌కి తెలిసేది ‘ఎప్పుడూ ఎలా ఉంది’ అన్నదే, ‘ఎలా ఉండాలి’ అన్నది దానికి తెలియదు. అందుకే కొత్త వాచ్ పెట్టుకున్న మొదటి నెలలో హెచ్చరికల కన్నా అసలు అంకె ముఖ్యం. మెలకువగా, కదలకుండా కూర్చున్నప్పుడు పెద్దవాళ్లలో 60 నుంచి 100 దాకా మామూలు. నిద్రలో ఇంకా కొంచెం తక్కువ ఉంటుంది. మీ 59, మీ 71 రెండూ నాకు అభ్యంతరం లేని అంకెలే. నిద్రలోనే 85, 90 ఉంటే మాత్రం వాచ్ ఏమీ అనకపోయినా హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. వాచ్ నిజమే చెబుతోందా అన్న అనుమానం ఉంటే మూడు రోజులు లేవగానే మంచం మీదే బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి అర నిమిషం లెక్కపెట్టి, రెట్టింపు చేయండి. అదే సమయంలో వాచ్ చూపే అంకెకు మూడు నాలుగు తేడా ఉంటే ఫర్వాలేదు. దాన్ని రాత్రి సగటుతో పోల్చకండి, అవి రెండూ వేరు.

టెల్మిసార్టాన్ పల్స్‌ని పెద్దగా కదపదు. రేపు ఎవరైనా మెటోప్రొలాల్ లాంటి మందు రాస్తే పల్స్ దిగుతుంది, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. వాచ్ మార్చినా అంతే.

ఇప్పుడు ‘ఆ ఒక్క రకం’ సంగతి. పైన చెప్పిన గడువంతా ‘మీ సాధారణ స్థాయి కన్నా’ అని మొదలయ్యే హెచ్చరికలకే. కదలకుండా కూర్చుని ఉండగా పది నిమిషాల పాటు పల్స్ 120 దాటిందనో, 40 కన్నా తగ్గిందనో, లయ తప్పుతోందనో వస్తే, దానికి మీ చరిత్ర అవసరం లేదు. కొన్న మొదటి రోజైనా సరే ఆ స్క్రీన్ ఫొటో తీసుకుని, కుదిరితే ఆ సమయంలోనే వెళ్లి ఈసీజీ తీయించుకోండి.

మీ తోటి ఆయనకు వచ్చిన గుండెపోటు సంగతి వేరు. రక్తనాళం మూసుకుపోవడాన్ని ఈ వాచ్‌లు కనిపెట్టలేవు. ఆ సమయంలో పల్స్ 75 ఉండొచ్చు. ఛాతీ బిగపట్టడం, ఎడమ చేతికో దవడకో లాగడం, చల్లటి చెమట, ఉన్నట్టుండి ఆయాసం వస్తే వాచ్ వైపు చూడకుండా, సొంతంగా బండి నడపకుండా ఆసుపత్రికి పోవాలి. మీకు బీపీ ఉంది కాబట్టి ఈ నెలలో ఒక ఈసీజీ, షుగరు, కొలెస్ట్రాల్ చేయించండి. మీ డిస్పెన్సరీలోనే అయిపోతుంది.

అప్పటిదాకా ఒక కాగితం మీద తారీఖు, షిఫ్ట్, నిద్ర పల్స్ మూడు గళ్లు గీసి రాస్తూ ఉండండి. జూన్ మూడో వారానికి మీ రెండు చుట్లు పూర్తవుతాయి. అప్పటికి వానలు పడి ఇల్లు చల్లబడుతుంది, ఎండాకాలం నేర్చుకున్న వాచ్ ఈసారి ‘తక్కువ’ అని మొదలుపెట్టొచ్చు. కళ్లు తిరగడం, నీరసం లేకపోతే 58, 59కి మందు అక్కర్లేదని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.