ఎనిమిది లక్షల లాభం, గల్లాలో లేని పైసలు

నల్గొండ,
జూన్ మొదటి ఆదివారం

చిరంజీవి అల్లునికి,

మామ ఆశీస్సులు. చెల్లె మోకాళ్ల నొప్పి తగ్గిందని విన్నాం, మీ అత్త సంతోషపడింది.

మొన్న రాత్రి ఫోన్‌లో నువ్వన్న మాట నాకు రెండు రోజులు నిద్ర పట్టనియ్యలేదు. "మామా, ఆడిటర్ ఎనిమిది లక్షల లాభం అంటున్నాడు. నాకేమో పైపుల కంపెనీ చెక్కుకు పైసలు లేవు. ఎవరో తింటున్నారు" అన్నావు. గల్లా దగ్గర కూర్చునే పిల్లగాడి మీద అనుమానపడుతున్నావని నీ గొంతులోనే తెలిసింది. ఆ పిల్లగాణ్ణి ఒక్క మాట కూడా అనకు. నువ్వు వాట్సాప్‌లో పంపిన నీ మోటార్ల దుకాణం రెండేళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టుకొని చూశాను. నీ పైసలు ఎవరూ తినలేదు. ఎక్కడున్నాయో రూపాయితో సహా చెప్తాను.

నువ్వు చూస్తున్నది లాభనష్టాల కాగితం ఒక్కటే. దాని వెనుక ఆస్తి అప్పుల పట్టిక ఉంటుంది, దాన్ని నువ్వు తిప్పి కూడా చూసి ఉండవు. పైసలు కనపడేది అక్కడే. పోయిన ఏడాది ఏప్రిల్ 1న ఎంత ఉంది, ఈ మార్చి 31న ఎంత ఉంది, ఈ రెండు అంకెల మధ్య తేడా రాసుకుంటూ పోతే చాలు.

లాభం 8 లక్షలు. ఇందులో బండికి, ర్యాకులకు తరుగుదల కింద 40 వేలు ఖర్చు రాశారు. అది కాగితం మీది ఖర్చే, నీ చేతి నుంచి పోలేదు, కాబట్టి కలుపుకో. 8 లక్షల 40 వేలు అయింది. ఇక పోయినవి చూడు. ఉద్దెర బాకీలు ఏడాది మొదట్లో 9 లక్షలు, చివర 14 లక్షలు. అంటే 5 లక్షలు రైతుల దగ్గర అదనంగా ఆగినయి. స్టాకు 18 లక్షల నుంచి 22 లక్షలైంది, 4 లక్షలు గోదాములోకి పోయినయి. కంపెనీలకు నువ్వివ్వాల్సింది 10 నుంచి 12 లక్షలకు పెరిగింది. ఆ 2 లక్షలు నువ్వు కట్టకుండా ఆపినవి కాబట్టి అంత మేరకు నీకు ఊపిరి దొరికింది. గోదాము లోన్‌లో అసలు కింద కట్టింది లక్షా 55 వేలు. ఇంటి ఖర్చుకు నెలకు 25 వేల చొప్పున 3 లక్షలు తీశావు.

కలిపి తీసెయ్యి. 3 లక్షల 15 వేలు తక్కువ పడుతుంది. ఇప్పుడు బ్యాంకులో లిమిట్ దాకా అప్పుగా వాడుకునే నీ సీసీ ఖాతా చూడు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో లక్షన్నర వాడుకొని ఉన్నావు, ఈ మార్చి ఆఖరుకు 4 లక్షల 65 వేలు. తేడా సరిగ్గా 3 లక్షల 15 వేలే. లెక్క కుదిరిందంటే దొంగ లేడని అర్థం. 5 లక్షల లిమిట్‌లో ఇక మిగిలింది 35 వేలు, అందుకే నీకింత టెన్షన్.

అన్నిటికంటే పెద్దది ఉద్దెర, దాని గురించే ఎక్కువ చెప్పాలి. ఆడిటర్‌కు బిల్లు రాసిన రోజే అమ్మకం, ఆ రోజే లాభం. ఒక్క మోటారు తీసుకో. ఫిబ్రవరిలో బోరు వేయించిన రైతుకు మోటారు, కేబుల్, స్టార్టర్ కలిపి 48 వేలకు ఇచ్చావు. నీకు పడింది 40 వేలు. జీఎస్టీని కాసేపు పక్కన పెడదాం. ఆ రోజే నీ పుస్తకంలో 8 వేల లాభం ఎక్కింది. కంపెనీ గడువు 45 రోజులు కాబట్టి మార్చి ఆఖరుకు 40 వేలు నీ ఖాతా నుంచి పోయినయి. రైతు పత్తి అమ్ముకొని నీ దగ్గరకు వచ్చేది నవంబర్‌లో. అప్పటిదాకా ఏడున్నర నెలలు ఆ 40 వేలు నీ సీసీలోవే, నూటికి 11 చొప్పున మిత్తి 2,750 రూపాయలు. 8 వేల లాభం 5,250 అయింది. అది భరించొచ్చు. భరించలేనిది వేరే ఉంది: అట్లాంటి రైతులు పదిమంది అయితే 4 లక్షలు ఏడున్నర నెలలపాటు నీ చేతిలో ఉండవు. ఆ నెలల్లోనే నువ్వు కిరాయి, జీతాలు, కిస్తు కట్టాలి. బిల్లు ఉద్దెరదైనా నగదుదైనా, తర్వాతి నెల 20వ తేదీకి దాని జీఎస్టీ కూడా కట్టాల్సిందే.

నీ ఆడిటర్ "బాకీలు 53 రోజులవి, పర్వాలేదు" అన్నాడని చెప్పావు. ఆయన 14 లక్షల్ని మొత్తం 96 లక్షల అమ్మకంతో భాగించాడు. కానీ నీ అమ్మకంలో 56 లక్షలు నగదు, ఫోన్‌పే. ఉద్దెరకు పోయింది 40 లక్షలే. దానితో లెక్కిస్తే 128 రోజులు వస్తుంది. నాలుగు నెలలు దాటిందన్న మాట. మీ దేవరకొండ దిక్కు ఉద్దెర లేకుండా మోటార్ల దుకాణం నడవదని నాకు తెలుసు, ఎదురు దుకాణం ఇస్తుంటే నువ్వు ఇయ్యనంటే రైతు అటు పోతాడు. అందుకే మానెయ్యమని చెప్పను, బాకీని విడదీసి చూడమంటున్నాను.

ఖాతా పుస్తకం తెరిచి పేర్లన్నీ మూడు వరుసల్లో రాయి. ఫిబ్రవరి, మార్చిలో ఇచ్చినవి ఒక వరుస. పత్తి అమ్మకాలప్పుడు రావాల్సి ఉండి రానివి రెండో వరుస. ఏడాది దాటినవి మూడోది. నువ్వు పంపిన పేజీల్ని బట్టి నాకు వచ్చింది 6 లక్షలు, 5 లక్షలు, 3 లక్షలు. మొదటి 6 లక్షల గురించి దిగులొద్దు, పంట మీద వస్తాయి. రెండో వరుస 5 లక్షలే నిన్ను ముంచుతున్నది. వాళ్ల దగ్గర పోయిన పత్తి పైసలు ఉండి ఉంటాయి, కానీ నువ్వు అడగలేదు. అడిగితే మళ్లీ దుకాణానికి రారేమోనని నీ భయం. నేను ముప్పై ఏళ్లు చూశాను. బాకీ పెరిగిన రైతే మొహం చాటేసి పక్క దుకాణంలో నగదుకు కొంటాడు. బాకీ తీరినోడు తిరిగి వస్తాడు.

మూడో వరుసలో ఏ ప్రోనోటుకు ఏ తేదీ ఉందో చూడు. రాసి మూడేళ్లు దాటితే కోర్టుకు పోయే దారి మూసుకుపోతుంది. గడువు లోపల కొంత కట్టించుకొని, కట్టినట్టు అతని చేత సంతకం పెట్టిస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది.

ఇక మీదట మోటారు ఇచ్చేటప్పుడు నీ కొనుగోలు ధరలో సగానికి తగ్గకుండా ముందే తీసుకో. ఆ 40 వేల మోటారుకు 20 వేలు వచ్చినా నీ సీసీ మీద బరువు సగానికి దిగుతుంది. మిగతాదానికి "పంట మీద ఇస్తా" అనే మాట ఒప్పుకోకు. ఏ పంట, ఎన్ని ఎకరాలు, మిల్లుకు వేస్తాడా మార్కెట్‌కు తెస్తాడా అని అడిగి తేదీ రాయి. బత్తాయి రైతుకు పైసలు వచ్చే నెల వేరు, వరి రైతుకు వచ్చే నెల వేరు. ఆ వారంలో నువ్వు కనపడాలి, నెల తర్వాత కాదు.

స్టాకు సంగతి. సంక్రాంతికి వచ్చినప్పుడు నీ గోదాములో వెనుక గోడ పక్కన నేను నిలబడ్డాను, గుర్తుందా? ఓపెన్‌వెల్ మోటార్ల డబ్బాలు వరుసగా ఉన్నాయి, అట్ట మీద దుమ్ము వేలితో గీస్తే గీత పడింది. ఒక డబ్బా అడుగు చెమ్మకు మెత్తబడింది. బావుల్లో నీళ్లు లేని చోట ఓపెన్‌వెల్ మోటారు ఎవరు కొంటారు? వాటిని లెక్కల్లో కొన్న ధరకే రాశారు, అందుకే లాభం తగ్గలేదు. అవి అమ్ముడుపోయే ధర ఎంతో అంతకే రాయించు, లాభం కొంత దిగుతుంది, అదే నిజమైన అంకె.

మిగతాది స్కీము సరుకు. 4 లక్షల పైపులు ఒకేసారి ఎత్తితే 4 శాతం అదనపు తగ్గింపు అన్నారు, 16 వేలు మిగిలినయని నువ్వు సంబరపడ్డావు. ఆ పైపులు వర్షాకాలం పొడుగునా పడుకొని ఎనిమిది నెలలకు పోయినయి. 4 లక్షలకు 11 శాతం చొప్పున ఎనిమిది నెలల మిత్తి 29 వేలు దాటుతుంది. కంపెనీ మనిషి చెప్పిన 16 వేల కోసం నువ్వు 13 వేలు ఎదురు పెట్టుకున్నావు. తగ్గింపు ఎన్ని నెలల్లో అమ్ముడుపోయే సరుకు మీదనో చూసి ఒప్పుకో. ఆ 4 శాతం, నాలుగు నెలల్లో కదిలే సరుకుకైతే ఏదో కొంత మిగుల్తుంది, అంతకు మించితే కాదు.

లోన్ దగ్గర అందరూ ఒకే చోట తప్పుతారు. నీ కిస్తు నెలకు 22 వేల పైచిలుకు. అందులో మిత్తి మాత్రమే ఖర్చు కింద రాస్తారు, అసలు రాయరు, ఎందుకంటే అప్పు తీర్చడం ఖర్చు కాదు. కాబట్టి లాభం చూసి "ఇంత మిగిలింది" అనుకుంటే, అందులోంచే ఇంకా అసలు కట్టాల్సి ఉంటుంది. పైగా పోయిన ఏడాది అసలు లక్షా 55 వేలు, ఈ ఏడాది లక్షా 75 వేలు అవుతుంది. కిస్తు అంతే ఉంటుంది, లోపల మిత్తి తగ్గి అసలు పెరుగుతుంది. లాభం ఎక్కువ కనపడి, చేతిలో అంతే ఉండేది ఇందుకే.

ఇప్పుడు నీకు బయట ఫైనాన్స్ తెచ్చి చెక్కు దాటించాలనిపిస్తుంది. నేనదే చేశాను. ఒక కరువు ఏడు మోటార్లన్నీ ఉద్దెరకు పోయినయి, మూడు రూపాయల మిత్తికి రెండు లక్షలు తెచ్చాను. నూటికి ఏడాదికి 36. నా సరుకు మీద వచ్చేది పదిహేడు శాతం కూడా లేదు. రెండేళ్లలో మీ అత్త గొలుసు పోయింది. అది తర్వాత చేయించలేకపోయాను, ఆమె ఏనాడూ అడగలేదు. నువ్వు ఆ గడప తొక్కొద్దు.

బదులుగా కంపెనీ వాళ్లకు చెక్కు వేసేలోపే ఫోన్ చేయి. చెక్కు తిరిగొచ్చిన తర్వాత చేసే ఫోన్‌కు విలువ ఉండదు. సగం ఇప్పుడు, సగం మూడు వారాల్లో అని తేదీలతో చెప్పు. సీసీ లిమిట్ పెంచమని బ్యాంకును ఇప్పుడే అడగకు. వాళ్లు సాధారణంగా 90 రోజులు దాటిన బాకీల్ని లెక్కలోకి తీసుకోరు, మార్చి 31 లెక్క ప్రకారం నీ 14 లక్షల్లో వాళ్లకు కనపడేది 6 లక్షలే. పైగా ఉద్దెర ఆగకుండా లిమిట్ పెరిగితే ఆ డబ్బు కూడా అక్కడికే పోతుంది.

అమ్మకం పోయిన ఏడాదంతే ఉండి, బాకీ 14 దాటకుండా, స్టాకు 22 దాటకుండా పట్టుకొని, కంపెనీలకు ఇవ్వాల్సింది 12 దగ్గరే ఉంటే చాలు. లాభం, తరుగుదల కలిపి వచ్చే 8 లక్షల 40 వేలలో అసలుకు లక్షా 75 వేలు, ఇంటికి 3 లక్షలు పోయి, 3 లక్షల 65 వేలు సీసీలో పడతాయి. అమ్మకం పెంచాలని తొందరపడితే ఆ పెరిగిన అమ్మకానికి కూడా ఉద్దెర, స్టాకు కావాలి, అవి ఈ మిగులును మింగుతాయి. ఈ ఒక్క ఏడు పెంచకు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు నేనే వస్తాను. రెండో వరుస పేర్లు రాసి ఉంచు. అందులో మన ఊరివాళ్లు ముగ్గురున్నారు, వాళ్ల ఇళ్లకు నీతోపాటు నేనూ వస్తాను. ఓపెన్‌వెల్ మోటార్ల డబ్బాలన్నీ ముందుకు తీసి పెట్టించు, నాకు తెలిసిన దుకాణదారు ఒకరు వాటిని చూస్తామన్నారు.

మీ మామ