యూపీఐలో డబ్బులు పడితే జీఎస్టీ తప్పదా?

ప్రశ్న: విజయనగరం గంటస్తంభం దగ్గర మాకు చిన్న కిరాణా కొట్టు ఉంది. ఈమధ్య ఒక సీఏ ఆఫీసు పేరుతో కొట్టుకొట్టుకీ కాగితాలు పంచారు. ‘మీ యూపీఐ లావాదేవీలు 20 లక్షలు దాటాయి, జీఎస్టీ తప్పనిసరి, వారంలో తీసుకోకపోతే నోటీసు వస్తుంది’ అని ఉంది. వచ్చిన కుర్రాడికి ఆధార్, పాన్ జిరాక్సులు ఇచ్చాను. ఓటీపీ అడిగితే మాత్రం చెప్పలేదు. నాకు నిజంగా జీఎస్టీ కావాలా? ఈ కాగితం పట్టించుకోకపోతే ఇబ్బందా?

జవాబు: ఆ కాగితం నోటీసు కాదు. ఒక ప్రైవేటు ఆఫీసు తన సేవలు అమ్ముకోవడానికి పంచిన కరపత్రం. అందులో రాసిన ‘వారం’ గడువుకు చట్టంలో ఏ విలువా లేదు. అయితే కాగితం చింపి పారేశాక కూడా మీకు జీఎస్టీ కావాలా వద్దా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దాన్ని మీ కొట్టు లెక్కే తేల్చాలి.

ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మే వ్యాపారికి, ఇతర రాష్ట్రాలకు అమ్మకాలు లేకపోతే, ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేవరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 20 లక్షల పరిమితి సేవలు అందించేవారికి. తెలంగాణలో సరుకులకు కూడా 20 లక్షలే కావడంతో, హైదరాబాదులో బంధువులున్న వాళ్లు ఈ రెండింటినీ కలిపేసి కంగారు పడుతుంటారు.

ఇక్కడ లెక్కేయాల్సింది ఫోన్‌లో పడిన మొత్తాన్ని కాదు, ఏడాది మొత్తం అమ్మకాలను. మీ కొట్టులాంటి ఒక కొట్టు తీసుకుందాం. ఏప్రిల్ నుంచి మార్చి వరకు యూపీఐలో 27 లక్షలు పడ్డాయి. బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని పెన్నుతో గీస్తూ పోతే, అందులో చీటీ పాట డబ్బు రెండున్నర లక్షలు, చెన్నైలో ఉద్యోగం చేసే అబ్బాయి ఇంటికి పంపింది లక్షన్నర కనిపించాయి. అవి అమ్మకాలు కావు, తీసేయాలి. మిగిలింది 23 లక్షలు. గల్లాపెట్టెలో నగదుగా వచ్చిన 9 లక్షలు దీనికి కలపాలి. మొత్తం 32 లక్షలు. విడిగా తూచి అమ్మే బియ్యం, పప్పుల మీద పన్ను లేకపోయినా ఆ అమ్మకాలు ఈ మొత్తంలో ఉండాల్సిందే. చాలామంది పొరపడేది ఇక్కడే. పన్ను లేని సరుకే కదా అని వదిలేస్తారు. పన్ను లేని సరుకులు తప్ప ఇంకేమీ అమ్మని వాళ్లకు మాత్రం రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు. సబ్బులు, బిస్కెట్లు కూడా ఉంచే కిరాణా కొట్టు ఆ కోవలోకి రాదు.

32 లక్షలు 40 కంటే తక్కువే కాబట్టి హమ్మయ్య అనుకునేలోపు మీ కౌంటరు మీద ఏముందో ఒకసారి చూడండి. సిగరెట్లు, ఖైనీ, పాన్ మసాలా ప్యాకెట్ల దండలు, ఎండాకాలంలో ఐస్‌క్రీమ్ డబ్బా ఉన్నాయా? 40 లక్షల మినహాయింపు ఇచ్చిన 2019 నాటి నోటిఫికేషనే పొగాకు, పాన్ మసాలా, ఐస్‌క్రీమ్ అమ్మేవాళ్లను ఆ మినహాయింపు నుంచి తప్పించింది. తయారుచేసేవాళ్లనే కాదు, అమ్మేవాళ్లందరినీ తప్పించింది. వాళ్లకు పరిమితి 20 లక్షలే. జిరాక్సు మిషను పెట్టుకున్నా, కమీషన్ మీద రీఛార్జులు చేసినా అది సేవ కిందికి వస్తుంది కాబట్టి ‘సరుకులు మాత్రమే’ అన్న షరతు తప్పుతుంది. మన ఊళ్లలో ఇవేవీ లేని కిరాణా కొట్లు ఎన్ని ఉంటాయో మీకే తెలుసు. అంటే ఆ కాగితంలో చెప్పిన కారణం తప్పే అయినా, మీ విషయంలో జీఎస్టీ నిజంగానే అవసరం కావచ్చు.

పైన చెప్పినవి ఏవీ మీ కొట్టులో లేకపోతే, 32 లక్షల అమ్మకాలకు రిజిస్ట్రేషన్ తీసుకోకండి. తీసుకుంటే మొదటి రూపాయి నుంచి పన్ను లెక్కలోకి వస్తారు. అమ్మకాలు లేని కాలానికి కూడా రిటర్న్ వేయాలి, ఆలస్యమైతే రోజుకింత చొప్పున లేట్ ఫీజు పడుతుంది.

సిగరెట్లో ఐస్‌క్రీమో ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. పరిమితి దాటిన 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. మీలాంటి కొట్టుకు కాంపోజిషన్ పద్ధతి సరిపోతుంది. కోటిన్నర లోపు అమ్మకాలున్న వ్యాపారులు దాన్ని ఎంచుకోవచ్చు. పన్ను వర్తించే అమ్మకాల మీద 1 శాతం కట్టాలి. పై ఉదాహరణలో విడి బియ్యం, పప్పులు 10 లక్షలు పోతే మిగిలిన 22 లక్షల మీద ఏడాదికి 22 వేలు. దాన్ని మూడు నెలలకోసారి కట్టి, ఏడాదికి ఒక రిటర్న్ వేయాలి. ఆ 1 శాతాన్ని బిల్లులో పన్నుగా వేసి కస్టమరు దగ్గర వసూలు చేయకూడదు. పరిమితి ఎప్పుడో దాటి ఉంటే మాత్రం ఆ గడిచిన కాలానికి ఈ 1 శాతం సౌకర్యం వర్తించదు. మామూలు రేటు మీద వడ్డీతో లెక్క వస్తుంది. నోటీసు రాకముందే మీ అంతట మీరు కడితే జరిమానా భారం తగ్గుతుంది. ఆ లెక్క వేయించుకోవడానికి సీఏకి ఇచ్చే ఫీజు దండగ కాదు.

ఇక ఆ ఆఫీసు సంగతి. చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, 1949 మొదటి షెడ్యూలు ప్రకారం, కరపత్రాలతోనో స్వయంగా వెళ్లో క్లయింట్లను అడుక్కోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. సీఏల నియంత్రణ సంస్థ ఐసీఏఐ మార్గదర్శకాలకు లోబడి తమ వివరాలు తెలియజేసుకునే వీలుంది గానీ, ‘వారంలో నోటీసు’ అని బెదిరించడం ఆ కిందికి రాదు. కొట్టుకొట్టుకీ తిరిగేవాళ్లలో చాలామంది అసలు సీఏలే కాకపోవచ్చు. రిటర్న్‌లు వేసిపెట్టే పని ట్యాక్స్ ప్రాక్టీషనర్లు కూడా చట్టబద్ధంగా చేయవచ్చు. అందులో తప్పు లేదు. సీఏ కాకుండా సీఏ అని చెప్పుకోవడం తప్పు. సీఏ సభ్యత్వ నంబరు, వాళ్ల ఆఫీసు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. చెప్పడానికి నసిగితే అక్కడితో వదిలేయండి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది మీరిచ్చిన జిరాక్సులు. పేదవాళ్ల ఆధార్, పాన్‌లతో జీఎస్టీ తీసుకుని, సరుకు లేకుండా బిల్లులు మాత్రమే అమ్ముకునే ముఠాలు దేశమంతటా పట్టుబడుతున్నాయి. కోట్ల బాకీ కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్ల మెడకు చుట్టుకుంటుంది. మీరు ఓటీపీ చెప్పకపోవడం చాలా మంచి పని. ఆధార్‌కు లింకైన ఫోన్‌కు వచ్చే ఆ అంకెలు మీ సంతకంతో సమానం. ఈరోజే gst.gov.in తెరిచి, Search Taxpayer కింద Search by PAN నొక్కి మీ పాన్ నంబరు కొట్టండి. లాగిన్ అక్కర్లేదు. మీ పేరు మీద ఏ రిజిస్ట్రేషనూ కనిపించకపోతే సరే, ఒకటి రెండు నెలలు అప్పుడప్పుడు చూస్తుండండి. మీకు తెలియనిది ఏదైనా కనిపిస్తే మీ సర్కిల్ వాణిజ్య పన్నుల ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకుని, ఆ నకలుతో పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి.

చివరికి రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సి వచ్చినా, దరఖాస్తులో ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే పెట్టించండి. ‘మీకెందుకండీ టెన్షన్, అన్నీ మా నంబరుకే వస్తాయి’ అంటే ఒప్పుకోవద్దు. అలా ఒప్పుకుంటే అసలు నోటీసు వచ్చిన రోజు కూడా అది వాళ్ల ఫోన్‌లోనే ఉండిపోతుంది, మీకు తెలిసేసరికి జవాబిచ్చే గడువు దాటిపోయి ఉంటుంది.