రిఫండ్ జమ చేయడానికి కార్డు నంబరెందుకు?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి కొత్తగా గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లిన మనవాళ్లలో చాలామంది ఇండియా సిమ్‌ని ఇంట్లో నాన్నగారి ఫోన్‌లో వేసి వెళ్తారు. బ్యాంకు ఓటీపీలు ఆ ఫోనుకే వస్తాయి. "మీ ఇన్‌కమ్ ట్యాక్స్ రిఫండ్ మంజూరైంది, సొమ్ము జమ కావడానికి కింది లింకులో కార్డు వివరాలు ఇవ్వండి" అన్న మెసేజ్ కూడా ఆ ఫోనుకే వస్తుంది. నాన్నగారు దాన్ని వాట్సాప్‌లో పంపి "ఏటిది, నొక్కీమంటావా?" అని అడుగుతారు. నొక్కొద్దని చెప్పండి. ఎందుకు నొక్కకూడదో కూడా చెప్పండి, లేకపోతే రెండోసారి వచ్చినప్పుడు మిమ్మల్ని అడగరు.

ఈ మెసేజ్ నమ్మబుద్ధి కావడానికి కారణం ఉంది: ఎన్నారైలకి నిజంగానే రిఫండ్ రావలసి ఉంటుంది. బరంపురం బ్రాంచిలో మీ ఎన్నార్వో ఖాతాలో, అంటే ఎన్నారైలు ఇండియా ఆదాయం కోసం పెట్టుకునే రూపాయల ఖాతాలో, 5 లక్షల డిపాజిట్ ఉందనుకోండి. 7 శాతం లెక్కన ఏడాదికి 35,000 వడ్డీ. అందులోంచి బ్యాంకు 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్, అంటే 10,920 రూపాయలు టీడీఎస్‌గా పట్టుకుంటుంది. ఇండియాలో మీకు ఇంకే ఆదాయమూ లేకపోతే, రిటర్న్ వేసి ఆ 10,920 వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇంట్లోవాళ్లకి ఈ సంగతి తెలుసు, ఎదురుచూస్తూ ఉంటారు. మోసగాడికి మీ లెక్క తెలియదు, ఏదో ఒక అంకె వేసి వేలమందికి పంపుతాడు. 2023లో 15,490 రూపాయల రిఫండ్ అంటూ తిరిగిన ఇలాంటి మెసేజ్‌ని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం నకిలీదని తేల్చింది.

ఇక అసలు విషయం. ఖాతాలో డబ్బు వేయడానికి ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చాలు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల ఉండే మూడంకెల సీవీవీ, ఈ మూడూ డబ్బు తీయడానికి పనికొచ్చేవి. ఓటీపీ మెసేజ్‌ని చివరిదాకా చదివితే ఎంత సొమ్ము, ఎవరికి చెల్లిస్తున్నారో చాలాసార్లు అందులోనే ఉంటుంది. అయితే ఓటీపీ చెప్పలేదు కదా అని ధీమాగా ఉండకండి. మీరు విదేశంలో వాడుకోవడానికి కార్డు మీద అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి ఉంటే, బయటి దేశాల సైట్లు కొన్ని ఓటీపీ అడగకుండానే సొమ్ము లాగేస్తాయి.

ఇంకో గుర్తు చూడండి. రిఫండ్ మీ పాన్‌తో ముడిపడిన, మీ పేరున ఉన్న ఖాతాకే వెళ్తుంది. నాన్నగారి పెన్షన్ ఖాతా కార్డు ఇచ్చినా సరే అని తీసుకునే పేజీ ఆదాయపు పన్ను శాఖది కానే కాదు.

నిజం తెలుసుకోవాలంటే మెసేజ్‌లోని లింకు వదిలేసి, మీరే incometax.gov.in అని టైప్ చేసి లాగిన్ అవ్వండి. e-File కింద Income Tax Returns, అందులో View Filed Returns తెరిస్తే మీ రిఫండ్ ఎక్కడుందో కనిపిస్తుంది. ఆ ఏడాది రిటర్నే వేయకపోతే రిఫండ్ అన్న మాటే లేదు, మెసేజ్ అబద్ధమని అక్కడే తేలిపోయింది. ఖాతా వివరాలు సరిపోక రిఫండ్ ఆగిపోవడం నిజంగానే జరుగుతుంది. అప్పుడు కూడా అదే పోర్టల్లో My Bank Account దగ్గర ఖాతాని వాలిడేట్ చేసి, Services కింద Refund Reissue పెట్టుకోవాలి. అక్కడెక్కడా కార్డు ఊసు రాదు.

కార్డు వివరాలు ఇచ్చేసి ఉంటే మొదట బ్యాంకు యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి, డబ్బు పోయిందా లేదా అని చూస్తూ కూర్చోకండి. వెంటనే బ్యాంకుకి ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, మనమే వివరాలు ఇచ్చినందువల్ల పోయిన సొమ్ము ఫిర్యాదు చేసేదాకా మన నెత్తినే, చేసిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. అందుకే ఒక గంట ఆలస్యమైనా నష్టమే. సొమ్ము పోయి ఉంటే ఇంటివాళ్ల చేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, ఒడియా గానీ హిందీ గానీ బాగా వచ్చినవాళ్లు మాట్లాడితే మంచిది. cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. దానికి ఓటీపీ ఇండియా నంబరుకే వస్తుంది కాబట్టి, నాన్నగారు ఫోన్ దగ్గర పెట్టుకున్న వేళ చూసుకుని మొదలుపెట్టండి.