‘ఎందుకు?’ అని అడిగితే సరిపోదు

“సార్, మాది రాజాం. మా పాప టెన్త్. విద్యుత్ పాఠంలో నిర్వచనాలన్నీ గడగడా అప్పజెప్తుంది, ప్రశ్న కాస్త తిప్పి అడిగితే మాత్రం పెన్ను ఆగిపోతోంది. పాఠాన్ని ప్రశ్నలుగా మార్చి చదివించమన్నారు. ఎలా మార్చాలి?”

అమ్మా, పాఠం మొత్తం ఒకేసారి పట్టుకోవద్దు. ఒక్క పేజీ తీసుకోండి, విద్యుత్ సామర్థ్యం ఉన్న పేజీ అనుకుందాం. మీ ఇంట్లో నీళ్లు కాచుకునే హీటర్ ఉంటే దాని మీద 1000 వాట్లు, 230 వోల్టులు అని రాసి ఉందనుకోండి, మూడు స్థాయిల ప్రశ్నలూ దాని మీదే వేయొచ్చు.

మొదటిది జ్ఞాపకం: సామర్థ్యానికి సూత్రం రాయి. ఇది పాపకి వచ్చు, రెండు నిమిషాల్లో వదిలేయండి.

రెండోది వినియోగం: ఈ హీటర్ ఎంత కరెంటు తీసుకుంటుంది, దాని నిరోధం ఎంత? 1000ని 230తో భాగిస్తే సుమారు 4.35 ఆంపియర్లు, నిరోధం 52.9 ఓమ్‌లు. ప్రశ్నలో సూత్రం పేరు చెప్పకండి, ఏది వాడాలో తనే ఎంచుకోవాలి. చెప్పేస్తే మిగిలేది కూడికలూ భాగాహారాలే.

మూడోది విశ్లేషణ, అసలు పని ఇక్కడే. వోల్టేజి 180కి పడిపోయిందనుకోండి, మన ఊళ్లలో కొత్తేం కాదు కదా. “ఒకమ్మాయి 180ని 4.35తో గుణిస్తే 783 వాట్లు వచ్చింది, తన ఫ్రెండ్ తప్పంటోంది, తప్పెక్కడ?” అని అడగండి. వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గుతుంది, హీటర్‌లో దాదాపు మారకుండా ఉండేది నిరోధమే, కాబట్టి కరెంటు 3.4 ఆంపియర్లు, సామర్థ్యం 612 వాట్లే. ఏది మారింది, ఏది మారలేదు అని విడదీయలేని పిల్ల 783 దగ్గరే ఆగిపోతుంది, అప్పుడు లోటు ఎక్కడుందో మీకు తెలిసిపోతుంది.

చాలామంది బోల్తా పడేది ‘ఎందుకు’ అనే మాట దగ్గర. “ఇంట్లో పరికరాలను సమాంతరంగా ఎందుకు కలుపుతారు?” అన్నది చూడ్డానికి విశ్లేషణలా ఉంటుంది గానీ జవాబు పుస్తకంలోనే ఉంది, అంటే మళ్లీ బట్టీయే. పరీక్ష సులువు: జవాబు వాక్యాన్ని పుస్తకంలో వేలితో చూపించమనండి. చూపించగలిగితే అది మొదటి స్థాయి ప్రశ్నే. అలాగే, పుస్తకంలో చేసిన లెక్కలో అంకెలు మాత్రమే మార్చారనుకోండి, అదీ సగం జ్ఞాపకమే.

ఇంకో చిక్కుంది. 783 కథ ఒకసారి విన్నాక అదే ప్రశ్న రెండోసారి అడిగితే గుర్తున్నది చెప్తుంది, ఆలోచించదు. అందుకని వారం తర్వాత ఇలా తిప్పండి: 180 వోల్టుల దగ్గర అదే బకెట్ నీళ్లు అంతే వేడెక్కాలంటే ఎక్కువ సేపు పడుతుంది, మరి యూనిట్లు కూడా ఎక్కువ కాలతాయా? నీళ్లకు కావలసిన వేడి మారదు కదా, ఆలస్యమయ్యే కొద్దీ బయటికి పోయే కాస్త వేడికి తప్ప పెద్దగా తేడా రాదు. పేజీకి ఇలాంటిది ఒక్కటి చాలు, ముందు జవాబు మీరు చెప్పకండి.