ఒక్కో రంగుకి ఒక్కటే చీర ఉన్నప్పుడు వాట్సాప్ బిజినెస్ ఎలా సర్దుకోవాలి?

"ఇంటి దగ్గర మంగళగిరి చీరలు అమ్ముతున్నాను. సాయంత్రమయ్యేసరికి ‘రేటెంత?’, ‘ఇంకా ఉందా?’ అని వాట్సాప్ బిజినెస్‌లో మెసేజ్‌లు కుప్పలుగా వస్తున్నాయి. ఒక్కదాన్నే చూసుకోవాలి. క్యాటలాగ్, లేబుల్స్, ఆటో రిప్లై ఎలా వాడాలండీ?"

నేనూ గుంటూరులో ఇవే చీరలు అమ్ముతానండీ. ముందు క్యాటలాగ్‌లో ప్రతి చీరకీ ధర, కోడ్ పెట్టేయండి. ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అని రాస్తే పనిని మనమే పిలిచినట్టు. అంచు, కొంగు, బ్లౌజ్ ముక్క పగటి వెలుతురులో విడివిడిగా తీసి పెడితే ‘ఇంకో ఫొటో పంపండి’ అనేవాళ్లు బాగా తగ్గుతారు. ఒక్కో చీరకి 10 ఫొటోల దాకా పెట్టుకోవచ్చు. కస్టమర్ ఆ చీర తెరిచి అక్కడి నుంచే మెసేజ్ చేస్తే, ఏ చీర గురించో మనకు చాట్‌లోనే కనిపిస్తుంది.

అయితే క్యాటలాగ్ స్టాక్ లెక్క చూడదు. అమ్ముడుపోయిన చీర కూడా అలాగే కనిపిస్తుంది. ఆ లెక్క లేబుల్స్‌తో మనమే చూసుకోవాలి.

ఉదాహరణకి, రాత్రి MG41 మెరూన్ చీర ఇద్దరు అడిగారనుకోండి. ముందు ‘తీసుకుంటాను’ అన్నావిడ చాట్‌కి ‘డబ్బు రావాలి’ లేబుల్, రెండో ఆవిడకి ‘వెయిటింగ్’ లేబుల్ పెడతాను. వెంటనే క్యాటలాగ్‌లో ఆ చీరని హైడ్ చేస్తాను. మొదటావిడకి `/hold` అని టైప్ చేస్తే, ముందే క్విక్ రిప్లైగా దాచుకున్న మాట వస్తుంది: "రేపు మధ్యాహ్నం 12 దాకా మీకోసం పక్కన పెట్టాను, ఆలోపు డబ్బు పంపండి." మర్నాడు 12కి ‘డబ్బు రావాలి’ లేబుల్ ఒక్కటే తెరిచి చూస్తాను. బ్యాంకు ఖాతాలో పడితే ‘పార్సిల్ కట్టాలి’కి మారుస్తాను. స్క్రీన్‌షాట్ చూసి మాత్రం మార్చకండి. డబ్బు పడకపోతే చీర రెండో ఆవిడకి. పని అయిన వెంటనే పాత లేబుల్ తీసేయాలి. వదిలేస్తే వారానికే ఏది నిజమో తెలియదు. లేబుల్స్ కస్టమర్‌కి కనిపించవు కాబట్టి మీకు అర్థమయ్యే పేర్లు పెట్టుకోండి.

ఆటో రిప్లైల్లో గ్రీటింగ్ మెసేజ్ మొదటిసారి రాసినవాళ్లకి, లేదా 14 రోజులుగా మాటల్లేనివాళ్లకి మాత్రమే వెళ్తుంది. మొన్ననే మాట్లాడినావిడకి వెళ్లదు. రాత్రిపూట మెసేజ్‌లకి మనం లేనప్పుడు వెళ్లే ‘Away message’ పెట్టి, బిజినెస్ అవర్స్ బయట మాత్రమే వెళ్లేలా టైమ్ ఎంచుకోండి. ‘ధన్యవాదాలు, త్వరలో సంప్రదిస్తాం’ అని రాస్తే జవాబు వచ్చేదాకా ఆవిడ మళ్లీ మళ్లీ మెసేజ్ చేస్తూనే ఉంటుంది. నేను పెట్టింది ఇది: "ఉదయం 10 తర్వాత జవాబిస్తాను. చీర కోడ్, మీ పిన్‌కోడ్ పంపి ఉంచండి. క్యాటలాగ్‌లో కనిపిస్తే చీర ఉన్నట్టే." పొద్దున్న చూసేసరికి కొరియర్ ఖర్చు చెప్పడానికి కావలసినవి చేతిలో ఉంటాయి. ఫోన్‌లో నెట్ ఆపేసి పడుకుంటే మాత్రం ఈ మెసేజ్ వెళ్లదు. చుట్టాలకి, మగ్గం దగ్గరి వాళ్లకి వెళ్లకుండా ‘వీళ్లకి తప్ప’ అనే ఆప్షన్‌లో వాళ్ల నంబర్లు చేర్చండి.