పెద్ద జీతంలో మిగిలేది ఎంత?

ప్రశ్న: ఒక చిన్న పట్టణంలో పదకొండేళ్లుగా ఒకే సంస్థలో పనిచేస్తున్నాను. ఉద్యోగానికి ఢోకా లేదు, సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉంటాను. ఇప్పుడు ఒక మహానగరం నుంచి ఆఫర్ వచ్చింది. మొత్తం జీతం సుమారు 60 శాతం ఎక్కువ. కానీ అందులో ఐదో వంతు, పనితీరును బట్టి ఏడాది చివర ఇచ్చే బోనస్. పని గంటలు చాలా ఎక్కువట. నా జీతంలో 40 శాతం దాకా సంపాదించే నా భార్య ఇక్కడి ఉద్యోగం వదులుకోవాలి. వెళ్లమంటారా?

జవాబు: ముందు ఆ 60 శాతాన్ని విడదీద్దాం. లెక్క తేలికగా ఉండడానికి, కోతలన్నీ పోగా ఇప్పుడు నెలకు మీ చేతికి వచ్చేది 100 అనుకుంటాను. కోతలకు ముందు అది 110 అనుకుంటే, కొత్త ఆఫర్ దాదాపు 180 అవుతుంది. అందులో ఐదో వంతు, అంటే 36, బోనస్. నెలనెలా ఖాయంగా వచ్చేది 144. జీతం పెరిగిన కొద్దీ పెరిగిన భాగం మీద పన్ను రేటు కూడా ఎక్కువ పడుతుంది కాబట్టి, అదనంగా వచ్చే 34లో చేతికి అందేది 25 దాకా ఉంటుంది. అంటే ఖాయమైన నెల జీతం 125. బోనస్ పూర్తిగా వస్తే, పన్ను పోగా, నెల సగటున మరో 26.

ఇక ఖర్చులు. మీరు వివరాలు ఇవ్వలేదు కాబట్టి నేను వేసినవి ఊహాంకెలు. వాటి స్థానంలో మీ అంకెలు పెట్టుకోండి. ఇప్పుడు అద్దె 15, ప్రయాణం 3, తిండి 30, మిగతావి 27, మొత్తం 75. నెలకు 25 మిగులుతుంది. నగరంలో అద్దె 36, ప్రయాణం 8, తిండి 38, మిగతావి 30 అనుకుందాం. మొత్తం 112. తిండి ఖర్చును కావాలనే పెంచి వేశాను. రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరేవారు వంట మానేసి బయటి తిండికి అలవాటు పడడం నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో తరచూ చూస్తుంటాను.

ఖాయమైన 125లో 112 పోతే మిగిలేది 13. ఇప్పుడు మిగిలే 25లో అది సగమే. బోనస్ సగం వస్తే మిగులు 26, అంటే ఈరోజు మీరున్న చోటికే వస్తారు. పూర్తిగా వస్తే 39. జీతం 60 శాతం పెరిగినా మీ మిగులు పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది పూర్తిగా బోనస్ చేతిలో ఉంది. అందుకే ఆ సంస్థను అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. మీరు చేరబోయే విభాగంలో, మీ హోదాలో ఉన్నవారికి గత మూడేళ్లలో బోనస్ ఎన్నో వంతు అందిందో అడగండి. ‘వంద శాతం వరకు’ అనేది జవాబు కాదు. ఆ ‘వరకు’ అన్న మాట వెనక సున్నా కూడా ఉండవచ్చు. వీలైతే అక్కడ పనిచేసి మానేసిన ఒకరితో మాట్లాడండి.

ఈ విషయంలో ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఉద్యోగం మారిన కొత్తలో నేను బోనస్ పూర్తిగా వస్తుందని లెక్కేసి పెద్ద ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ఆ ఏడాది వచ్చింది సగం కన్నా తక్కువ. అద్దె ఒప్పందం మధ్యలో వదిలేస్తే జరిమానా. ఎనిమిది నెలలు పొదుపు నుంచి తీసి అద్దె కట్టాను. ఇల్లు, వాహనం, వాయిదాలు ఏవైనా ఖాయమైన జీతానికి సరిపోయేలానే చూసుకోవాలి. బోనస్ చేతికి అందాకే దాన్ని డబ్బుగా లెక్కించాలి.

ఇప్పుడు మీ భార్య జీతం సంగతి. మీ ప్రశ్నలో అన్నిటికంటే బరువైన అంకె ఇదే. ఆమెకు నగరంలో ఉద్యోగం దొరకడానికి ఆరు నెలలు పట్టిందనుకోండి. నెలకు 40 చొప్పున 240 పోతుంది. ఇల్లు మారే ఖర్చు, కొత్త ఇంటికి కావాల్సిన సామాను కలిపి మరో 70. మొత్తం 310. బోనస్ పూర్తిగా వచ్చినా ఇప్పటి కంటే నెలకు అదనంగా మిగిలేది 14 మాత్రమే. 310ని 14తో భాగిస్తే 22 నెలలు. దాదాపు రెండేళ్లు పనిచేస్తే గానీ మీరు బయలుదేరిన చోటికి చేరరు. బోనస్ ముప్పావు వంతే వస్తే అదనపు మిగులు ఏడున్నర. అప్పుడు మూడున్నరేళ్ల దాకా పడుతుంది. అన్నాళ్లు వారానికి, నా ఊహ ప్రకారం, 70 గంటలు, అంటే పనికి 58, ప్రయాణానికి 12 గంటలు ఇచ్చే ఓపిక మీకు ఉందా అన్నది మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

దీనికి ఒక దారి ఉంది. మొదటి ఆరు నెలలు మీరు ఒక్కరే వెళ్లండి. మరొకరితో కలిసి గది తీసుకుంటే అద్దె 18, ప్రయాణం 8, తిండి 22, వారాంతాల్లో ఇంటికి వచ్చిపోయే ఖర్చుతో సహా మిగతావి 15. మొత్తం 63. ఇక్కడ ఇంటి ఖర్చు 75 నుంచి 50కి తగ్గుతుంది. రెండూ కలిపితే 113. అందరూ ఒకేసారి మారితే అయ్యే 112తో ఇది దాదాపు సమానం. కానీ ఆమె జీతం ఆగదు, 240 నష్టం తప్పుతుంది. ఆమెకు అక్కడ ఉద్యోగం ఖాయమయ్యాక కుటుంబం మారితే, తిరిగి రాబట్టుకోవాల్సింది 70 మాత్రమే. బోనస్ పూర్తిగా వస్తే ఐదు నెలల మిగులు దానికి చాలు. దూరంగా ఉండడం కష్టమే, పిల్లలు ఉంటే మరీ కష్టం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఈ ఆరు నెలల్లో ఆ పని మీ శరీరానికి, మనసుకు సరిపడుతుందో లేదో కూడా తెలుస్తుంది. సరిపడకపోతే తిరిగి రావడానికి ఇల్లు అలాగే ఉంటుంది.

మీరు స్థిరం అంటున్న ఉద్యోగాన్ని కూడా ఒకసారి పరీక్షించండి. మీ పట్టణంలో మీ పనికి జీతమిచ్చే సంస్థలు ఎన్ని? ఒక్కటే అయితే, అది మూతపడిన రోజు మీరు ఎలాగూ ఊరు మారాలి, అదీ అప్పటి వయసులో, బేరమాడే బలం లేకుండా. అలాంటప్పుడు నగరంలో రెండేళ్లు నేర్చుకునే పని మరో పదిచోట్ల చెల్లేదైతే, మిగులు లెక్క సమానంగా ఉన్నా నేను వెళ్లడం వైపే మొగ్గుతాను. ఆ సంస్థకు మాత్రమే పనికొచ్చే నైపుణ్యమైతే ఉన్నచోటే ఉండమంటాను.

ఏ నిర్ణయమైనా, బయలుదేరే ముందు అత్యవసర నిధిని నగరం ఖర్చు ప్రకారం లెక్కించండి. ఆరు నెలలకు ఇక్కడ 450 చాలు, అక్కడ 672 కావాలి. ఆ తేడా 222 పోగయ్యే వరకు గృహరుణం జోలికి వెళ్లవద్దు. బోనస్ చరిత్ర ముప్పావు వంతుకు తక్కువగా ఉంటే, ఆ వాటాలో కొంత ఖాయమైన జీతంలో కలపమని అడగండి. ఆఫర్ మీద సంతకం పెట్టక ముందే అడగాలి, చేరాక ఆ మాట వినేవారు ఉండరు. వారు ఒప్పుకోకపోతే, పైన చెప్పిన అంకెలతో నా సలహా వెళ్లవద్దనే.